కాలం–దూరం, కాలం–పని లెక్కలు: సూత్రమా, సమీకరణమా, క.సా.గు. పద్ధతా, నిష్పత్తా?

ఉద్యోగ పరీక్షల ఆప్టిట్యూడ్ విభాగానికి చదివేవారు కాలం–దూరం, కాలం–పని అధ్యాయాల దగ్గరికి వచ్చేసరికి తికమక పడతారు. ఒక పుస్తకం పేజీ నిండా సూత్రాలు ఇచ్చి కంఠస్థం చేయమంటుంది. ఒక ఉపాధ్యాయుడు దూరాన్ని x అనుకుని సమీకరణం రాయమంటారు. ఇంకొకరు మొత్తం పనిని రోజుల క.సా.గు.గా తీసుకోమంటారు. ఆప్షన్లను ఒక్కొక్కటిగా పెట్టి చూస్తే సరిపోతుందనేవారూ ఉన్నారు. వీటన్నింటి పక్కన నిష్పత్తులతో చేసే పద్ధతి ఒకటి ఉంది. చాలామంది దాన్ని చివర్లో, ఒక చిట్కాగా మాత్రమే చూస్తారు. నా ఉద్దేశంలో అదే మొదట రావాలి, మిగతావి దానికి తోడుగా ఉండాలి. అయితే అది పనికిరాని చోట్లు కూడా ఉన్నాయి కాబట్టి ఒక్కొక్కటీ పోల్చి చూద్దాం.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి?

ఎక్కువమంది వేగం ఒక్కటే చూస్తారు. ఆ కొలమానం మోసం చేస్తుంది. తెలిసిన ప్రశ్న తెలిసిన రూపంలోనే వస్తే సూత్రాన్ని మించిన వేగం దేనికీ ఉండదు. అసలు చూడవలసినవి వేరే ఉన్నాయి.

మొదటిది, ప్రశ్నలో ఒక్క మాట మారినప్పుడు పద్ధతి నిలబడుతుందా లేదా. రెండోది, మధ్యలో వచ్చే అంకెలు నోటితో చేయగలిగినంత చిన్నవిగా ఉంటాయా. మూడోది, అన్నిటికన్నా ముఖ్యమైనది: తప్పు చేస్తే అది మనకు కనిపిస్తుందా? తప్పు జవాబుకు మార్కులు కోసే పరీక్షలో ఈ మూడోదే మీ ర్యాంకును నిర్ణయించవచ్చు.

## ఒకే ప్రశ్న, నాలుగు దారులు

ఒక వ్యక్తి గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్తే 10 నిమిషాలు ఆలస్యంగా చేరతాడు. గంటకు 50 కి.మీ. వేగంతో వెళ్తే 5 నిమిషాలు ముందుగా చేరతాడు. దూరం ఎంత?

సూత్రంతో: రెండు వేగాల లబ్ధాన్ని వాటి తేడాతో భాగించి, కాలాల తేడాతో గుణించాలి. 40 × 50 = 2000, దాన్ని 10తో భాగిస్తే 200. కాలాల తేడా 15 నిమిషాలు, అంటే పావుగంట. 200లో నాలుగో వంతు 50 కి.మీ. చకచకా అయిపోయింది. కానీ ఇందులో జారే చోట్లు రెండున్నాయి. నిమిషాలను గంటలుగా మార్చడం మరచిపోవచ్చు. రెండు సందర్భాల్లోనూ ఆలస్యమే అయితే నిమిషాలను కూడాలో తీసివేయాలో సూత్రం చెప్పదు.

సమీకరణంతో: దూరం x అనుకుంటే x/40 − x/50 = 1/4. ఎడమవైపు x/200 అవుతుంది కాబట్టి x = 50. నమ్మకమైన దారి. రాత పని మాత్రం ఎక్కువ.

ఆప్షన్లతో: 40, 45, 50, 60 అని నాలుగు జవాబులు ఇచ్చారనుకుందాం. 40 కి.మీ. పెట్టి చూస్తే కాలాలు 60, 48 నిమిషాలు. తేడా 12 నిమిషాలే వచ్చింది, కావలసింది 15. ఇక్కడ తర్వాతి ఆప్షన్‌కు పోనవసరం లేదు. తేడా 12 నుంచి 15 కావాలంటే దూరం కూడా అదే నిష్పత్తిలో 40 నుంచి 50 కావాలి. ఆప్షన్లతో చేస్తున్నామనుకుంటూనే మనం నిష్పత్తిలోకి వచ్చేశాం.

నిష్పత్తితో: వేగాలు 4 : 5. దూరం ఒక్కటే కాబట్టి కాలాలు తిరగబడి 5 : 4. తేడా ఒక భాగం. ఆ ఒక భాగమే 15 నిమిషాలు. 40 వేగంతో పట్టే కాలం 5 భాగాలు, అంటే 75 నిమిషాలు. గంటకు 40 చొప్పున గంటంబావులో 50 కి.మీ. సరిచూడడం కూడా అక్కడే అయిపోతుంది: 50 వేగంతో 4 భాగాలు, అంటే సరిగ్గా గంట, కాబట్టి 50 కి.మీ. రెండు వైపుల నుంచీ ఒకే దూరం వచ్చింది.

తొందరలో కాలాలను తిరగవేయకుండా 4 : 5 అనే ఉంచేశామనుకోండి. 40 వేగంతో 60 నిమిషాలు, అంటే 40 కి.మీ. 50 వేగంతో 75 నిమిషాలు, అంటే 62.5 కి.మీ. ఒకే దారికి రెండు దూరాలు ఉండవు కాబట్టి తప్పు వెంటనే దొరికిపోతుంది. సూత్రంలో తప్పు చేస్తే వచ్చే జవాబు ఏ అనుమానమూ కలగనివ్వదు.

| | ప్రశ్న మారితే | మధ్యలో అంకెలు | తప్పు కనిపిస్తుందా |
|---|---|---|---|
| సూత్రం | తరచూ నిలబడదు | పెద్దవి | కనిపించదు |
| సమీకరణం | నిలబడుతుంది | భిన్నాలు | ప్రతిక్షేపిస్తేనే |
| ఆప్షన్లు | ఆప్షన్లు ఉంటే నిలబడుతుంది | ఆప్షన్‌ను బట్టి | కనిపిస్తుంది |
| నిష్పత్తి | ఏదో ఒక రాశి స్థిరంగా ఉంటే నిలబడుతుంది | చిన్నవి | రెండోవైపు నుంచి కనిపిస్తుంది |

ఇప్పుడు ప్రశ్నను కొద్దిగా మారుద్దాం. మామూలు వేగంలో నాలుగింట మూడు వంతుల వేగంతో నడిస్తే 20 నిమిషాలు ఆలస్యమైంది, మామూలుగా పట్టే కాలమెంత? ఇందులో వేగాలు లేవు, దూరమూ లేదు. పై సూత్రంలో పెట్టడానికి అంకెలే లేవు కాబట్టి ఈ రకానికి పుస్తకాలు మరో సూత్రం ఇస్తాయి. నిష్పత్తికి ఇది కొత్త ప్రశ్న కాదు. మామూలు వేగం, తగ్గిన వేగం 4 : 3. కాలాలు 3 : 4. ఒక భాగం 20 నిమిషాలు, మామూలు కాలం 3 భాగాలు, 60 నిమిషాలు.

## అసలు తేడా తెలిసేది ఇక్కడ

పై ప్రశ్నలు చూసి ఏ పద్ధతైనా ఒకటేనని అనిపించవచ్చు. కింది ప్రశ్న చాలా పరీక్షలకు అలవాటైనదే. నిష్పత్తి బలం ఏమిటో ఇది చూపిస్తుంది.

ఒక రైలు గంటసేపు మామూలుగా నడిచాక ఇంజిన్ మొరాయించింది. అక్కడి నుంచి మామూలు వేగంలో అయిదింట మూడు వంతుల వేగంతోనే నడిచి గమ్యాన్ని 2 గంటలు ఆలస్యంగా చేరింది. ఆ మొరాయింపు ఇంకో 50 కి.మీ. తర్వాత జరిగి ఉంటే రైలు ఇప్పుడు చేరినదానికన్నా 40 నిమిషాలు ముందుగా చేరేది. మొత్తం దూరం ఎంత?

సమీకరణంతో చేస్తే దూరం ఒక అజ్ఞాతరాశి, వేగం మరొకటి, రెండు సమీకరణాలు, రెండింటిలోనూ హారంలో వేగం. చేయవచ్చు, చాలా కాగితం పడుతుంది. దీనికి సూత్రం గుర్తుపెట్టుకున్నవారిని నేను ఇంతవరకు చూడలేదు.

నిష్పత్తితో చేసేటప్పుడు మొదట అడగవలసిన ప్రశ్న ఒక్కటే: రెండు కథలకూ తేడా ఎక్కడుంది? మొదటి గంట రెండింటిలోనూ ఒకటే. చివరి భాగం రెండింటిలోనూ తగ్గిన వేగమే. తేడా అంతా మధ్యలోని ఆ 50 కి.మీ.లోనే ఉంది. ఒక కథలో దాన్ని తగ్గిన వేగంతో దాటింది, మరో కథలో మామూలు వేగంతో. వేగాలు 5 : 3, కాలాలు 3 : 5, తేడా 2 భాగాలు. ఆ 2 భాగాలే 40 నిమిషాలు. మామూలు వేగంతో ఆ 50 కి.మీ.కి 3 భాగాలు, అంటే 60 నిమిషాలు. మామూలు వేగం గంటకు 50 కి.మీ. అని తేలిపోయింది.

ఇప్పుడు ఇంజిన్ మొరాయించిన చోటి నుంచి గమ్యం వరకు చూద్దాం. అదే 3 : 5, అదే 2 భాగాల తేడా, ఈసారి ఆ తేడా 2 గంటలు. మామూలుగా అయితే 3 గంటలు పట్టేది. గంటకు 50 చొప్పున 150 కి.మీ. దానికి మొదటి గంటలో నడిచిన 50 కలిపితే 200 కి.మీ.

సరిచూద్దాం. మామూలుగా 200 కి.మీ.కి 4 గంటలు. నిజంగా పట్టింది మొదటి గంట, ఆపై గంటకు 30 చొప్పున 150 కి.మీ.కి 5 గంటలు, మొత్తం 6. ఆలస్యం 2 గంటలు. సరిపోయింది.

ఈ ప్రశ్నలో ఎక్కువగా జరిగే తప్పు ఒకటుంది. నిష్పత్తిని మొత్తం ప్రయాణానికి వర్తింపజేసి, 3 గంటలూ 150 కి.మీ. రాగానే అదే జవాబని గుర్తించేస్తారు. ప్రశ్న తయారుచేసేవారు 150ని ఒక ఆప్షన్‌గా పెట్టడం కద్దు. నిష్పత్తి వేగం మారిన ముక్కకే చెందుతుంది. మారని ముక్కను ముందే పక్కన పెట్టి, చివర్లో కలపాలి. దారిలో ఆగిన సమయం ఉన్నా ఇంతే: ఆగిన నిమిషాలను కాలం నుంచి తీసేశాకే నిష్పత్తి వేయాలి.

## స్థిరంగా ఉన్నది ఏది?

నిష్పత్తి పద్ధతిలో తెలివంతా ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. దూరం స్థిరమైతే వేగం, కాలం విలోమంగా ఉంటాయి. కాలం స్థిరమైతే వేగం, దూరం ఒకే నిష్పత్తిలో ఉంటాయి. సగటు వేగం ప్రశ్నలు దీన్నే పరీక్షిస్తాయి.

సగం దూరం 40తో, సగం దూరం 60తో వెళ్తే సగటు వేగమెంత? 2xy/(x+y) సూత్రం అందరికీ వచ్చు, జవాబు 48. అదే ప్రశ్నలో సగం దూరం బదులు సగం కాలం అని ఉంటే జవాబు 50. తొందరలో చదివినవారు అక్కడ కూడా అదే సూత్రం వాడి 48 గుర్తిస్తారు. నిష్పత్తితో ఆలోచించేవారు దూరం సమానమా, కాలం సమానమా అని ముందే చూడక తప్పదు. దూరం సమానమైతే కాలాలు 3 : 2, అంటే అయిదు భాగాల కాలంలో మూడు భాగాలు 40తో, రెండు భాగాలు 60తో నడిచాడు. (120 + 120)ని 5తో భాగిస్తే 48. ఒక భాగం దూరం 40తో, రెండు భాగాల దూరం 60తో వెళ్లినా ఇదే ఆలోచన పనిచేస్తుంది, సూత్రం పనిచేయదు.

## రైళ్లు, పనివాళ్లు: ఒకే లెక్క

రెండు రైళ్లు ఒకేసారి ఎదురెదురుగా బయలుదేరాయి. కలుసుకున్నాక మొదటిది 4 గంటల్లో, రెండోది 9 గంటల్లో అవతలి గమ్యం చేరాయి. వేగాల నిష్పత్తి ఎంత? దీనికి వర్గమూలాల సూత్రం ఒకటి ప్రచారంలో ఉంది. ఏ అంకె పైన, ఏది కింద అన్నది పరీక్ష హాల్లో సరిగ్గా గుర్తుండదు.

కలుసుకోవడానికి t గంటలు పట్టిందనుకుందాం. మొదటి రైలు t గంటల్లో నడిచిన దూరాన్నే రెండో రైలు తర్వాత 9 గంటల్లో నడిచింది. దూరం ఒకటే కాబట్టి వేగాలు 9 : t. అలాగే రెండో రైలు t గంటల్లో నడిచిన దూరాన్ని మొదటిది 4 గంటల్లో నడిచింది. వేగాలు t : 4. ఈ రెండూ ఒకే నిష్పత్తి కాబట్టి t × t = 36, t = 6. వేగాలు 9 : 6, అంటే 3 : 2.

ఇప్పుడు పని లెక్క ఒకటి. ఇద్దరు కలిసి ఒక పనిని కొన్ని గంటల్లో పూర్తిచేస్తారు. మొదటివాడు ఒక్కడే చేస్తే దానికన్నా 8 గంటలు, రెండోవాడు ఒక్కడే చేస్తే 18 గంటలు ఎక్కువ పడుతుంది. కలిసి చేస్తే ఎన్ని గంటలు? కలిసి చేసే కాలం t. రెండోవాడు t గంటల్లో చేసే భాగాన్నే, ఒంటరిగా ఉంటే, మొదటివాడు అదనంగా 8 గంటల్లో చేస్తాడు. కాబట్టి సామర్థ్యాలు t : 8. మొదటివాడి భాగాన్ని రెండోవాడు 18 గంటల్లో చేస్తాడు కాబట్టి 18 : t. t × t = 144, t = 12. ఒంటరిగా 20, 30 గంటలు. కలిసి 12 గంటలు. గంటకు 3 భాగాలూ 2 భాగాలూ చేస్తారనుకుంటే మొత్తం 60, రెండు రకాలుగానూ సరిపోతుంది.

రైళ్ల లెక్కలో దూరం ఉన్న చోట ఇక్కడ పని ఉంది, వేగం ఉన్న చోట సామర్థ్యం ఉంది. సూత్రాల పుస్తకంలో ఈ రెండూ వేర్వేరు అధ్యాయాల్లో, రెండు వేర్వేరు సూత్రాలుగా ఉంటాయి. కంఠస్థం చేసేవారికి అనవసరమైన బరువు ఎక్కడి నుంచి వస్తుందో దీన్ని బట్టి తెలుస్తుంది.

## క.సా.గు. పద్ధతి గెలిచే చోటు

పని లెక్కల్లో ఒక్కొక్కరికి పట్టే రోజులు విడివిడిగా ఇచ్చి, మధ్యలో ఒకరు మానేశారనో ఇంకొకరు చేరారనో చెబితే, క.సా.గు. పద్ధతే హాయిగా ఉంటుంది. ఒకరికి 12 రోజులు, మరొకరికి 18 రోజులు పడుతుంది. ఇద్దరూ మొదలుపెట్టారు, పని పూర్తి కావడానికి 3 రోజుల ముందు మొదటివాడు మానేశాడు. మొత్తం ఎన్ని రోజులు?

పని 36 యూనిట్లు అనుకుందాం. రోజుకు 3, 2 యూనిట్లు. మొదటివాడు మానకుండా ఉంటే ఆ 3 రోజుల్లో ఇంకో 9 యూనిట్లు చేసేవాడు. అప్పుడు మొత్తం 45 యూనిట్లు అయ్యేవి. ఇద్దరూ కలిసి రోజుకు 5 చొప్పున 9 రోజులు. సరిచూస్తే, మొదటివాడు 6 రోజుల్లో 18, రెండోవాడు 9 రోజుల్లో 18, మొత్తం 36.

నిజానికి ఇదీ నిష్పత్తే. కాలాలు 2 : 3 కాబట్టి సామర్థ్యాలు 3 : 2, పని 12 × 3. తేడా ఏమిటంటే, మొత్తం పనికి ఒక పూర్ణాంకం దొరకడం వల్ల కూడికలూ తీసివేతలూ సులువవుతాయి. కానీ రోజులే ఇవ్వకుండా, మొదటివాడు రెండోవాడికి మూడు రెట్లు పనిమంతుడు, అతనికి 60 రోజులు తక్కువ పడుతుంది అని ఇస్తే క.సా.గు. దేనికి తీయాలి? అప్పుడు నిష్పత్తితోనే మొదలుపెట్టాలి: కాలాలు 1 : 3, 2 భాగాలు 60, కాబట్టి 30, 90 రోజులు. ఆపై పని 90 యూనిట్లు, రోజుకు 3, 1. కలిసి చేస్తే 22.5 రోజులు. రోజులు 7, 11, 13 లాంటివైతే క.సా.గు. 1001 అవుతుంది. అలాంటి చోట భిన్నాలతో చేసినా అంతే శ్రమ.

## నిష్పత్తి చేతులెత్తేసే చోటు

360 కి.మీ. దూరం. వేగం గంటకు 5 కి.మీ. పెరిగితే ఒక గంట తక్కువ పడుతుంది. మొదటి వేగం ఎంత? ఇక్కడ వేగాల తేడా ఉంది, కాలాల తేడా ఉంది, నిష్పత్తి మాత్రం ఎక్కడా లేదు. దాన్ని బలవంతంగా తేవడానికి ప్రయత్నించడం సమయం వృథా చేసుకోవడమే. సమీకరణం రాస్తే వర్గ సమీకరణం వస్తుంది. ఆప్షన్లు ఉంటే అవే మేలు: 40 పెడితే 9 గంటలు, 45కి 8 గంటలు. అయిపోయింది.

అలాగే పొడవూ వేగమూ నేరుగా ఇచ్చి, స్తంభాన్ని దాటే కాలం అడిగే రైలు ప్రశ్నలకు మామూలు భాగహారమే చాలు. ఏ నిష్పత్తీ అక్కర్లేదు. కానీ స్తంభాన్ని 12 సెకన్లలో, 200 మీటర్ల ప్లాట్‌ఫారాన్ని 20 సెకన్లలో దాటింది, రైలు పొడవెంత అంటే మళ్లీ నిష్పత్తే. అదనంగా పట్టిన 8 సెకన్లు ప్లాట్‌ఫారానివి, 12 సెకన్లు రైలువి. 8 : 12 = 200 : 300.

## ఎవరికి ఏది?

పరీక్షకు వారం రోజులే ఉండి, సూత్రాలు ఇప్పటికే నోటికి వచ్చినవారు ఇప్పుడు పద్ధతి మార్చనవసరం లేదు. ఒక్కటి చేయండి: ఆలస్యం, ముందు అని వచ్చే ప్రశ్నలకు మాత్రం నిష్పత్తికి మారండి. సూత్రాలు ఎక్కువగా దెబ్బతీసేది అక్కడే.

బీజగణితం బాగా వచ్చినవారికి సమీకరణం రాయడం అలవాటై చేయి దానంతట అదే x వైపు పోతుంది. మీ జవాబులు సరైనవే అవుతుంటాయి, కానీ సమయం చాలదు. సమీకరణం రాసే ముందు స్థిరంగా ఉన్నది ఏమిటి, రెండు సందర్భాల మధ్య తేడా ఏ ముక్కలో ఉంది అని చూసుకుంటే సగం ప్రశ్నలకు x అవసరమే రాదు.

గణితం అంటే మొదటి నుంచీ ఇబ్బంది పడేవారు ఆప్షన్లతో మొదలుపెట్టవచ్చు. ఒక ఆప్షన్ పెట్టి చూసి, వచ్చిన తేడాను కావలసిన తేడాతో పోల్చడం అలవాటు చేసుకోండి. మొదటి ఉదాహరణలో 12ని 15తో పోల్చినట్టు. అలా చేస్తే నిష్పత్తి విడిగా నేర్చుకోకుండానే పట్టుబడుతుంది. అయితే ఇలా సాగదీయడం అన్నిచోట్లా కుదరదు. వర్గ సమీకరణం వచ్చే ప్రశ్నల్లో ఆప్షన్లను పూర్తిగా పెట్టి చూడాల్సిందే.

జవాబును టైపు చేయమనే పరీక్షల్లో ఆప్షన్ల దారి మూసుకుపోతుంది. అక్కడ నిష్పత్తీ సమీకరణమూ రెండూ చేతిలో ఉండాలి.

ఏ పద్ధతి ఎంచుకున్నా ప్రశ్నలోని మాటలను నిష్పత్తిగా మార్చడం సాధన చేయాలి. వేగం 25 శాతం పెరిగితే 4 : 5. 20 శాతం తగ్గితే 5 : 4. నాలుగో వంతు తగ్గితే 4 : 3, నాలుగో వంతుకు తగ్గితే 4 : 1. ఒక్క అక్షరం చూసుకోకపోతే లెక్కంతా తారుమారవుతుంది. చివర్లో అడిగింది మామూలు కాలమా, ఆలస్యమైన రోజు పట్టిన కాలమా అన్నది భాగాల పక్కన రాసి పెట్టుకోండి. 3 : 4లో ఏది ఎవరిదో రాసుకోనివారు 60 గుర్తించవలసిన చోట 80 గుర్తిస్తారు. ఆప్షన్లలో ఆ రెండూ పక్కపక్కనే ఉంటాయి.